మొదటి రూపాయి ఏ రోజు వస్తుంది?

జనవరి 20న మా బావ ఉద్యోగం పోయింది. మామయ్య కొడుకు, కూకట్‌పల్లిలో ఉంటాడు, నాలుగేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్నాడు. ఆఖరి లెక్క తేల్చి డబ్బులు వేయడానికి 45 రోజులు పడుతుందని కంపెనీ చెప్పింది. అకౌంట్లో 11,000 ఉన్నాయి. ఫిబ్రవరి 5న అద్దె 12,000. 10న ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ 6,500. మామయ్యకి ఇంకా చెప్పలేదు.

ఆ వారం నేను హాస్టల్ నుంచి వెళ్ళి బావ పక్కన కూర్చుని లెక్క వేశాను. తిండికీ చిల్లర ఖర్చులకీ రోజుకి 300 అనుకున్నా, 5వ తేదీకి చేతిలో 6,200 మిగులుతాయి. అంటే అద్దెకే 5,800 తక్కువ. 10వ తేదీకి కిస్తీ, మరో అయిదు రోజుల ఖర్చు కలిపి ఇంకో 8,000 కావాలి.

ఇలాంటప్పుడు అందరూ చెప్పేది ఒకటే: "దాంట్లో నెలకి ముప్పై వేలు వస్తాయట." కానీ బావకి కావాల్సింది నెల లెక్క కాదు, తేదీ. అందుకని ఒక్కో పనికీ నాలుగు నిరీక్షణలు రాశాం. పని దొరకడానికి ఎన్ని రోజులు, చేయడానికి ఎన్ని రోజులు, డబ్బు లెక్క కట్టే రోజు ఎప్పుడు, లెక్క కట్టాక చేతికి రావడానికి ఎన్ని రోజులు. ఈ నాలుగూ కలిపితే మొదటి రూపాయి వచ్చే రోజు తెలుస్తుంది. ఆ వరుసలోనే పేర్చాం.

మొదటిది కేటరింగ్. మన కాలేజీలో చాలామందికి తెలిసిన పనే. పెళ్ళిలో వడ్డనకి వెళ్తే రాత్రి పాత్రలు సర్దేశాక చేతిలో డబ్బు పెడతారు. బావకి రాత్రికి 700 ఇచ్చారు. నిరీక్షణ ఒక్క రోజే. కానీ ముహూర్తాలు ఉంటేనే పని. ఆషాఢంలోనో మూఢంలోనో అయితే మా జాబితాలో ఈ మొదటి వరుస ఉండేదే కాదు.

రెండోది బైక్ టాక్సీ. లైసెన్సు, ఆర్సీ ఫోటోలు పెట్టాక ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆగాల్సిన పని లేదు, ఎక్కినవాళ్ళు దిగేటప్పుడే స్కాన్ చేసి కడతారు. సాయంత్రం అయిదు గంటలు తిరిగితే పెట్రోలు, యాప్‌కి కట్టేది పోగా బావకి దాదాపు 350 మిగిలింది. ఇందులో కనపడని రిస్కు ఒకటుంది. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్సు కిరాయికి తిప్పితే మామూలుగా వర్తించదు. పాలసీ కాగితంలో "వాడకంపై పరిమితులు" అన్న భాగం ముందే చదువుకోవాలి.

మూడోది ఫుడ్ డెలివరీ. ఇక్కడ వారం లెక్క. సోమవారం నుంచి ఆదివారం దాకా చేసినదానికి తర్వాతి వారం మధ్యలో డబ్బు వేస్తారని బావ అడిగిన చోట చెప్పారు. దీంట్లో తమాషా ఏంటంటే, సోమవారం మొదలుపెట్టినవాడు మొదటి డబ్బుకి తొమ్మిది రోజులు ఆగాలి. శనివారం మొదలుపెట్టినవాడు నాలుగు రోజులే ఆగుతాడు, కానీ వాడికి వచ్చేది రెండు రోజుల డబ్బే. పైగా బ్యాగు, టీషర్టు ఖర్చు మొదటి చెల్లింపుల్లోంచే కోసుకుంటారు. "మొదటి డబ్బు ఎప్పుడు" అని అడిగితే సరిపోదు, "అద్దెకి పనికొచ్చేంత డబ్బు ఎప్పుడు" అని కూడా అడగాలి. బావ దీన్ని పక్కన పెట్టి బైక్ టాక్సీకి వెళ్ళింది అందుకే.

నాలుగోది ట్యూషన్. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి లెక్కలు చెప్పేవాళ్ళకి అడిగేవాళ్ళున్నారు. అదే అపార్టుమెంట్లో ఒకబ్బాయి దొరికాడు, పొద్దున ఆరున్నరకి, నెలకి 5,000. మామూలుగా నెల నిండాకే ఇస్తారు. అప్పుడు ఇది జాబితాలో అట్టడుగున ఉండాలి. కానీ బావ వాళ్ళమ్మగారిని అడిగాడు: "ఒక వారం చూడండి ఆంటీ, నచ్చితే సగం అప్పుడివ్వండి." ఆవిడ సరేనన్నారు. 3వ తేదీన 2,500 ఇచ్చారు. యాప్ తన చెల్లింపు రోజు మనకోసం మార్చదు, మనిషి మారుస్తాడు. అడగడమే మిగిలింది.

చివరిది ఫ్రీలాన్సింగ్. బావ చదువుకి సరిపోయేదీ, గంటకి ఎక్కువ వచ్చేదీ ఇదే. కానీ చెల్లింపు నెమ్మది. అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ధర పని అప్పగించాక చూసుకోవడానికి క్లయింటుకి 14 రోజుల గడువుంటుంది. ఒప్పుకున్నాక ఇంకో 5 రోజులు డబ్బు అక్కడే ఆగుతుంది. గంటల లెక్కన చేస్తే వారం ముగిసిన పది రోజులకి అందుతుంది. వీటన్నిటికంటే ముందు అసలు కాంట్రాక్టు దొరకాలి.

ఈ జాబితా రాస్తుండగానే బావ రూమ్మేట్ ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు. హోటళ్ళకి రేటింగ్ ఇస్తే పది నిమిషాల్లో 150 రూపాయలట. మా లెక్క ప్రకారం దీని నిరీక్షణ సున్నా, జాబితాలో మొదటి స్థానం దీనిదే! ఈ మోసం నడిచేదే అలా. డబ్బు తొందరగా కావాల్సినవాడు ఏం చూస్తాడో వాళ్ళకి తెలుసు. మొదటి 150 నిజంగానే వేస్తారు. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని వెయ్యి కట్టమంటారు, దానికీ కాస్త కలిపి తిరిగిస్తారు. ఆ తర్వాత పది వేలు కట్టించుకుని, తీసుకోవాలంటే టాక్స్ కట్టమంటారు. అందుకే కాగితం మీద ఇంకో గడి గీశాం: "మనం ముందు ఎంత పంపాలి?" సంపాదించినదాంట్లోంచి కోసుకోవడం వేరు, మన జేబులోంచి పంపమనడం వేరు. రెండోది కనపడితే ఆ వరుస కొట్టేయాలి. ఇప్పటికే పంపేసినవాళ్ళు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

5వ తేదీకి లెక్క ఇలా తేలింది. మూడు పెళ్ళిళ్ళకి 2,100, పది సాయంత్రాల బైక్‌కి 3,500, ట్యూషన్ సగం 2,500. మొత్తం 8,100. అద్దె కట్టేశాక 2,300 మిగిలాయి. 10వ తేదీలోపు ఒక పెళ్ళి, నాలుగు సాయంత్రాలు కలిపి ఇంకో 2,100 వస్తాయి. కావాల్సింది 8,000, అంటే కిస్తీకి 3,600 తక్కువ. ఈ సంగతి 3వ తేదీ రాత్రే తెలిసిపోయింది. ఆ రాత్రే బావ మామయ్యకి ఫోన్ చేశాడు. "ఉద్యోగం పోయింది నాన్నా" అని మాత్రమే చెప్పడానికి రెండు వారాలుగా నోరు రాలేదు. "ఉద్యోగం పోయింది, అద్దె సర్దుకున్నా, కిస్తీకి మూడు వేల ఆరొందలు తక్కువ" అని చెప్పగలిగాడు. మామయ్య కాసేపు ఆగి, "ముందే చెప్తే ఏం పోయిందిరా" అని నాలుగు వేలు వేశారు.

మా జాబితా డబ్బు అందే వరుస. పని మొదలుపెట్టే వరుస దీనికి తలకిందులు. ఆలస్యంగా డబ్బిచ్చే పనికే ముందు అప్లై చేయాలి, ఎందుకంటే దాని గడియారం మనం అడుగుపెట్టాకే తిరగడం మొదలవుతుంది, తిరిగేటప్పుడు మనం వేరే పని చేసుకోవచ్చు. బావ మొదటి రాత్రే ఫ్రీలాన్సింగ్ ప్రొఫైల్ పెట్టాడు. 29న చిన్న టెస్టింగ్ పని దొరికింది, ఫిబ్రవరి 3న అప్పగించాడు, క్లయింటు 9న ఒప్పుకున్నాడు, 16న బ్యాంకులో పడింది. ఫిబ్రవరి అద్దెకి అది అందలేదు. మార్చి అద్దె మాత్రం దాంట్లోంచే కట్టాడు.