నాలుగో అతుకు

మొన్న మా జూనియర్ ఒకడు ఇంగ్లిష్ ల్యాబ్ అసైన్‌మెంట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఏదైనా ఒక సామాజిక సమస్య మీద చిన్న వ్యాసం రాయాలి. వాడు ఆడపిల్లల చదువు గురించి రాశాడు. మేడమ్ మార్జిన్ నిండా 'సి.ఎస్.' అనీ, ఒకటి రెండు చోట్ల 'ఆర్.ఓ.' అనీ ఎర్ర ఇంకుతో రాసి తిరిగిచ్చేశారట.

"అక్కా, సి.ఎస్. అంటే మన బ్రాంచే కదా, ఇక్కడెందుకు రాశారు?" అన్నాడు.

నవ్వొచ్చింది. అది కంప్యూటర్ సైన్స్ కాదు, కామా స్ప్లైస్. ఆర్.ఓ. అంటే రన్-ఆన్. రెండూ ఒకే జబ్బుకి రెండు రూపాలు. రెండు పూర్తి వాక్యాల మధ్య ఏమీ పెట్టకుండా రాసుకుంటూ పోతే రన్-ఆన్. ఒట్టి కామా పెట్టి అతికిస్తే కామా స్ప్లైస్. వాక్యం పొడవుకీ దీనికీ సంబంధం లేదు. "ఇట్ రెయిన్డ్, వి లెఫ్ట్" అన్న నాలుగు మాటల్లో కూడా ఈ తప్పుంది. పరీక్ష తేలిక. కామా తీసి ఫుల్‌స్టాప్ పెట్టి చూడాలి. రెండు ముక్కలూ దేనికది కర్తతో, క్రియతో నిలబడగలిగితే, మధ్యలో కామా ఒక్కటే సరిపోదు.

వాడికి సి ల్యాంగ్వేజ్‌లో చెప్తే ఎక్కుతుందని కాగితం మీద రెండు లైన్లు రాశాను.

```c
x = 5 y = 10;
x = 5, y = 10;
```

మొదటిది రన్-ఆన్, కంపైలర్ ఒప్పుకోదు. రెండోది ఒప్పుకుంటుంది, ఎందుకంటే సి లో కామా కూడా ఒక ఆపరేటరే. "మరి ఇంగ్లిష్ ఎందుకు ఒప్పుకోదు?" అన్నాడు. నా ఉదాహరణ నాకే ఎదురు తిరిగింది.

జవాబు వాడి వ్యాసంలోనే దొరికింది. ఒకచోట ఇలా ఉంది: "మై ఫాదర్ సపోర్టెడ్ మై స్టడీస్, మై సిస్టర్ హెల్ప్డ్ ఎట్ హోమ్." చదివేవాళ్లు 'మై స్టడీస్, మై సిస్టర్' దాకా వచ్చేసరికి అదొక జాబితా అనుకుంటారు. నాన్న వీడి చదువుకీ, అక్కకీ, ఇంకా దేనికో సాయం చేశాడు కాబోలు అనుకుంటూ వెళ్తే 'హెల్ప్డ్' తగులుతుంది. అప్పుడు వెనక్కొచ్చి మళ్లీ చదవాలి. ఇంగ్లిష్‌లో క్రియ మధ్యలో ఉంటుంది కాబట్టి వాక్యం ఎక్కడ ముగిసిందో క్రియ చెప్పదు, చుక్కే చెప్పాలి.

అదే తెలుగులో "నాన్న నన్ను చదివించాడు, అక్క ఇంట్లో పని చేసింది" అంటే ఎవరూ తడబడరు. 'చదివించాడు' అనగానే వాక్యం అయిపోయిందని చెవికి తెలిసిపోతుంది. తర్వాత కామా ఉన్నా లేకపోయినా ఒకటే. మనం తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు క్రియల్ని మార్చుకుంటాం గానీ కామాల్ని మార్చుకోం. నేను చిన్నప్పటినుంచీ ఇంగ్లిష్ మీడియమే, అయినా టెన్త్ దాకా నా పేపర్లలోనూ ఇవే ఎర్ర గుర్తులు.

తర్వాత అసలు పేరా తీశాం.

"మై సిస్టర్ పాస్డ్ ఇంటర్, షి గాట్ గుడ్ మార్క్స్ మై ఫాదర్ టోల్డ్ హర్ టు వెయిట్ వన్ ఇయర్, ఐ గాట్ ఎ సీట్ ఇన్ బీటెక్, షి స్టేడ్ ఎట్ హోమ్."

అయిదు వాక్యాలు, నాలుగు అతుకులు. ముందు నేను అన్నిచోట్లా ఫుల్‌స్టాప్ పెట్టేశాను. తప్పులన్నీ పోయాయి గానీ, చదివితే ఒకటో తరగతి వాచకంలా ఉంది. ఏ వాక్యానికీ పక్క వాక్యంతో చుట్టరికం లేదు. సరే అని ఒక్కో అతుకూ విప్పాం.

మొదటి అతుకులో రెండు వైపులా అక్కే కర్త. రెండు వాక్యాలు అక్కర్లేదు, "పాస్డ్ ఇంటర్ విత్ గుడ్ మార్క్స్" అంటే చాలు. రెండోచోట అసలేమీ లేదు, అదే మేడమ్ చెప్పిన ఆర్.ఓ. మార్కులు వచ్చాయి, కానీ నాన్న ఆగమన్నాడు. కాబట్టి కామా, దాని పక్కన 'బట్'. వాడు 'హవెవర్' పెడదామన్నాడు, గంభీరంగా ఉంటుందని. అక్కడే చాలామంది పడతారు. 'బట్', 'అండ్', 'సో' లాంటివి రెండు వాక్యాల్ని కలపగలవు. 'హవెవర్', 'దేర్‌ఫోర్' కలపలేవు. వాటి ముందు ఒట్టి కామా పెడితే మళ్లీ స్ప్లైసే. ఫుల్‌స్టాపో సెమికోలనో ఉండాలి. మూడో అతుకు దగ్గర ఏడాది గడిచింది కాబట్టి ఫుల్‌స్టాప్ పెట్టి, "ద నెక్స్ట్ ఇయర్" అని కొత్త వాక్యం మొదలుపెట్టాం.

నాలుగోది మిగిలింది. "ఐ గాట్ ఎ సీట్ ఇన్ బీటెక్, షి స్టేడ్ ఎట్ హోమ్."

నేను ఆలోచించకుండా కామా పక్కన 'సో' రాసేశాను. వాడు కాసేపు కాగితం వంకే చూసి, "అంటే నా వల్లే ఆగిపోయిందనా అక్కా?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. 'సో' కొట్టేసి 'వైల్' పెట్టాను. నాకు సీటొచ్చింది, తనేమో ఇంట్లో ఉంది. పోలికే తప్ప కారణం చెప్పదు ఆ మాట. "ఇది బావుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు" అన్నాడు. గ్రామర్ ప్రకారం రెండూ కరెక్టే. మేడమ్ రెండింటికీ మార్కులు వేస్తారు. కానీ ఏది నిజమో గ్రామర్‌కి తెలీదు, నాకూ తెలీదు. వాడి ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాడు వాడొక్కడే. ఇంతసేపూ ఆ కామా చేసిన పని అదే. రెండు విషయాల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, వాటి మధ్య ఏముందో చెప్పకుండా దాటేసింది.

"అసలేం జరిగింది?" అని అడిగాను.

అక్క టౌన్‌లో డిగ్రీ చేస్తానందట. తమ్ముడి సీటు తేలాక చూద్దాం, ఒక్క ఏడాది ఆగు అన్నాడట నాన్న. వీడికి సీటొచ్చింది. ఇద్దరికీ హాస్టల్ ఫీజు కట్టలేనన్నాడు. "అక్క ఏమీ అన్లేదు. నా సూట్‌కేస్ తనే సర్దింది" అన్నాడు.

నేనిక పెన్ను పట్టుకోలేదు. నువ్వే రాసుకురా అని పంపేశాను.

మర్నాడు క్యాంటీన్‌లో కనిపించి కాగితం చేతిలో పెట్టాడు.

"మై సిస్టర్ పాస్డ్ ఇంటర్ విత్ గుడ్ మార్క్స్, బట్ మై ఫాదర్ టోల్డ్ హర్ టు వెయిట్ వన్ ఇయర్. ద నెక్స్ట్ ఇయర్ ఐ గాట్ ఎ సీట్ ఇన్ బీటెక్. హి కుడ్ పే ఓన్లీ వన్ హాస్టల్ ఫీ, అండ్ హి చోజ్ మైన్. షి స్టేడ్ ఎట్ హోమ్."

'సో' లేదు, 'వైల్' లేదు. రెండింటి బదులు, కామా దాచిన వాక్యాన్నే బయటకి తీసి రాశాడు. దిద్దడానికి నాకేమీ మిగల్లేదు.

"చివరిది మరీ చిన్నదైపోయిందా అక్కా? దేనికైనా కలపాలా?"

"కర్త ఉంది, క్రియ ఉంది. వాక్యమే. అలాగే ఉండనీ" అన్నాను.