ఆకర్షణీయమైన జీతం

ప్రొద్దుటూరులో 6 కుర్చీల సెలూను పెట్టబోతున్న మా పక్కింటి కుర్రవాడు పనివాళ్లకోసం వాట్సాప్‌లో ప్రకటన పెట్టాడు: "అనుభవజ్ఞులు కావలెను. ఆకర్షణీయమైన జీతం." రెండు వారాలైనా పని నేర్చుకునే పిల్లలు తప్ప ఎవరూ రాలేదు.

"చేతిలో పని ఉన్నవాళ్లు ఇప్పటికే ఎక్కడో కుదురుకుని ఉంటారు గదా! అది వదిలి రావాలంటే అంకె కనబడాలి నాయనా," అన్నాను.

"18,000 జీతం, పైన కమీషను ఇస్తాను మామా."

దేనిమీద కమీషను? కూర్చుని లెక్క తేల్చాం. నెలలో చేసిన పని 50,000 దాటితే, ఆపైదానికి నూటికి 10. అంటే 70,000 పనికి 2,000 అదనం. కాని కొత్త షాపులో మొదట కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. కమీషను ఎంత ఊరించినా పనివాడు నమ్మడు. అందుకే బేరం ఉన్నా లేకున్నా జీతం పూర్తిగా అందుతుందని ముందు రాశాం.

జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారికి షాపు మూసే వేళ ముఖ్యం. పులివెందుల వారికి బస ముఖ్యం. రెండూ చేర్చాం. మంగళవారం సెలవు, టిప్పులు ఎవరివి వారివే. 'అనుభవజ్ఞులు' కొట్టేసి, "ఫేడ్ కటింగు, రంగు వేయడం వచ్చినవారు, ఒకరోజు పని చూస్తాం, ఆ రోజు కూలి ఇస్తాం" అన్నాం.

మూడోనాడు పులివెందుల నుంచి ఫోను: "గదిలో ఎంతమందిమి ఉంటామన్నా?"

జీతం సంగతి అడగనే లేదు. రావడానికి సగం సిద్ధపడ్డవాడి ప్రశ్న అది.