జూలై 22, సాయంత్రం ఆరు గంటలు

మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దవాళ్ళు. పెళ్ళిచూపుల్లో అది చెల్లుతుందేమో తెలీదు గానీ, ఆదాయపు పన్ను రిటర్న్ దగ్గర మాత్రం అస్సలు చెల్లదు. అక్కడ సగం ఒప్పుకోవడం అనేది లేదు. మనిషి "సరే" అనాలి, లేదంటే ఫైలు కదలదు. ఈ సంగతి నాకు ఏ క్లాసులోనూ కాదు, ఒక ఉత్తరం రాస్తుంటే తెలిసింది.

2024లో ఇంటర్ అయిపోయి కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్న ఆఫీసుకి వెళ్ళేదాన్ని. ఆయన ట్యాక్స్ ప్రాక్టీషనర్. జూలై అంటే ఆ ఆఫీసులో టీ చల్లారిపోయే నెల. జీతగాళ్ళు రిటర్న్ వేయడానికి ఆఖరి తేదీ జూలై 31. అప్పటికి పని అయిపోయిన ఫైళ్ళు ఒక పక్క, మొదలవని ఫైళ్ళు ఒక పక్క ఉండేవి. రెండింటి మధ్యలో ఒక చిన్న దొంతర. పని మొత్తం అయిపోయినా కదలని ఫైళ్ళు అవి. పైన పెన్సిల్‌తో "క్లయింట్ ఓకే రాలేదు" అని రాసి ఉండేది.

అందులో ఒకటి ఒక స్కూలు మాస్టారిది. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అంకెలు గుండ్రంగా చెప్తాను. ఏడాది జీతం పది లక్షలు. ఇంటి లోన్ మీద కట్టిన వడ్డీ రెండు లక్షలు. పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులు లక్షన్నర. పాత పన్ను విధానంలో ఈ రెండూ, స్టాండర్డ్ డిడక్షన్ యాభై వేలూ తీసేస్తే పన్ను పడే ఆదాయం ఆరు లక్షలు. దాని మీద సెస్‌తో కలిపి పన్ను 33,800 రూపాయలు. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే తీసేస్తాం. 2023-24 లెక్కల ప్రకారం అప్పుడు తొమ్మిదిన్నర లక్షల మీద పన్ను 54,600 అయ్యేది. మాస్టారు ఏ విధానం కావాలో స్కూల్లో చెప్పలేదు. చెప్పకపోతే కొత్త విధానమే డిఫాల్ట్. కాబట్టి వాళ్ళు జీతంలోంచి 54,600 కోసేశారు. పాత విధానంలో రిటర్న్ వేస్తే తేడా 20,800 ఆయన అకౌంట్‌కి తిరిగి వస్తుంది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ ఏడాది నుంచి, వ్యాపార ఆదాయం లేనివాళ్ళు పాత విధానం ఎంచుకోవాలంటే గడువు లోపలే రిటర్న్ వేయాలి. జూలై 31 దాటితే ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు, కానీ కొత్త విధానంలోనే. అంటే 20,800 పోయినట్టే. ఆదాయం ఐదు లక్షలు దాటింది కాబట్టి పైన ఆలస్య రుసుము ఇంకో 5,000. మొత్తం 25,800. ఒక "సరే" అనే మాట ఖరీదు అది.

"పోర్టల్ పాస్‌వర్డ్ మన దగ్గరే ఉందిగా పెదనాన్నా, వేసేయొచ్చుగా? ఆయనకి లాభమే కదా" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"రిటర్న్ చివర ఏముంటుందో చదివావా? ఇందులో రాసిందంతా నాకు తెలిసినంత వరకు నిజం అని ఆయన చెప్తున్నట్టు ఉంటుంది. నేను చెప్తున్నట్టు కాదు. ఆ రెండు లక్షల వడ్డీ సంగతి స్కూలువాళ్ళ ఫారం 16లో లేదు. రేపు నోటీసు వస్తే ఆయన పేరు మీదే వస్తుంది. 'నేనెప్పుడు చెప్పాను అలా వేయమని' అంటే మనం ఏం చూపిస్తాం?"

పైగా సబ్మిట్ నొక్కినంత మాత్రాన పని అయిపోదు. ముప్పై రోజుల్లోపు వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతో చేస్తే అది మాస్టారి ఫోన్‌కే వస్తుంది. వెరిఫై కాని రిటర్న్ వేయనట్టే లెక్క. అంటే ఆయన నోరు విప్పకుండా ఈ పని పూర్తయ్యే దారే లేదు.

నేను చేరేసరికే ఆఫీసు నుంచి ఆయనకి నాలుగు మెసేజ్‌లు వెళ్ళాయి, జూన్ 20, 27, జూలై 4, 10 తేదీల్లో. నాలుగూ వాట్సాప్‌లో తెరిచి చూశాను. మొదటిదానికి ఒక పీడీఎఫ్ జత చేసి "ప్లీజ్ చెక్ అండ్ కన్ఫర్మ్" అని ఉంది. రెండోది "కైండ్ రిమైండర్". మూడోది "జెంటిల్ రిమైండర్". నాలుగోది "అర్జెంట్". అన్నిటికీ నీలం టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం లేదు. పిలిస్తే ఫోన్ ఎత్తడం లేదు.

అప్పుడు పెదనాన్న ఐదోది రాయమన్నారు. అదే చివరిది. ఆ పద్ధతిని ఆయన "తేదీ ఉత్తరం" అంటారు. తెలుగులో రాయమన్నారు, ఎందుకంటే మాస్టారు తెలుగు చదివే మనిషి. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ ఒక్క పేజీకి ఒక పూట పట్టింది. ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాసిన పాత నమూనా ఒకటి ఉంది. అందులో "మీరు స్పందించడంలో విఫలమైనచో" అని ఉంది. పెదనాన్న దాన్ని కొట్టేయించారు. "ఆయన ఏ పరీక్షలో విఫలమయ్యాడు? జవాబు అందకపోతే అని రాయి, చాలు" అన్నారు.

ముందు తేదీ తేల్చుకోవాలి. జూలై 30 అని పెడితే ఇంకా టైమ్ ఇచ్చినట్టు ఉంటుంది కదా అనుకున్నాను. కాదట. ఆ రోజు మనం ఫైలు మూసేస్తే ఆయనకి మిగిలేది ఒక్క రోజు. ఇంకొకరి దగ్గరికి వెళ్ళే వీలుండదు. అందుకే ఉత్తరం జూలై 15న వెళ్ళింది, మూసే తేదీ 22. వారం రోజులు ఆలోచించుకోవడానికి. ఆ తర్వాత కూడా చేతిలో తొమ్మిది రోజులు. మూసే తేదీ మన కోసం కాదు, ఆయన దారి మూసుకుపోకుండా ఉండడం కోసం అని నాకు అప్పుడు అర్థమైంది. మన భాషలో చెప్పాలంటే టైమౌట్ పెడతాం, కానీ అవతలివాడు ఇంకో సర్వర్‌కి వెళ్ళేంత సమయం ఉంచి పెడతాం.

చివరికి వెళ్ళిన ఉత్తరం ఇది:

"మాస్టారు గారికి నమస్కారం. 2023-24 సంవత్సరానికి మీ ఆదాయపు పన్ను రిటర్న్ తయారుగా ఉంది. మీ సమ్మతి కోసం జూన్ 20 నుంచి నాలుగుసార్లు మెసేజ్ పంపాం. జవాబు మాకు అందలేదు.

మీరు చెప్పాల్సింది ఇంతే. ఇంటి లోన్ వడ్డీ రూ.2,00,000, పొదుపులు రూ.1,50,000 అని మీరిచ్చిన కాగితాల్లో ఉంది. ఇవి సరైనవే అయితే పాత విధానంలో మీకు రూ.20,800 తిరిగి వస్తుంది. 'అంకెలు సరే, పాత విధానంలో వేయండి' అని మెసేజ్ పెట్టండి. లేదా ఈ కాగితం కింద అదే మాట రాసి సంతకం పెట్టి పంపండి. ఏదైనా సందేహం ఉంటే సాయంత్రం 5 తర్వాత ఆఫీసుకి రండి, కూర్చుని చూద్దాం.

జూలై 22, సోమవారం సాయంత్రం 6 గంటలలోపు మీ జవాబు అందకపోతే ఈ సంవత్సరానికి మీ ఫైలు మూసేస్తాం. మీ తరఫున రిటర్న్ వేయం. మీ కాగితాలన్నీ 23న మీకు పంపేస్తాం. జూలై 31 లోపు మీరే గానీ, వేరేవారి ద్వారా గానీ వేసుకోవచ్చు. ఆ తేదీ దాటితే పాత విధానం ఎంచుకునే వీలుండదు, రూ.5,000 ఆలస్య రుసుము పడుతుంది."

అంతే. "దయచేసి" అని పదిసార్లు లేదు, బెదిరింపూ లేదు. వాట్సాప్‌లో పంపి, అదే కాగితం స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపాం. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి రసీదు ఉంటుంది.

20వ తేదీ శనివారం సాయంత్రం మాస్టారు వచ్చారు, ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని. సంతకం అప్పటికే పెట్టేశారు. పెదనాన్న ఏమీ అడగలేదు, ఆయనే చెప్పారు. "ఆ పీడీఎఫ్ తెరిస్తే మూడు పేజీల అంకెలండీ. పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి, ఇది అర్థం కాలేదని ఎలా అడగను? దేనికి ఒప్పుకుంటున్నానో తెలీకుండా సరే అనలేక ఊరుకున్నాను."

నీలం టిక్కుల వెనక ఉన్నది నిర్లక్ష్యం అనుకున్నాం మేమంతా. ఆయన మాత్రం మాకంటే జాగ్రత్తగా ఉన్నారు. "చెక్ అండ్ కన్ఫర్మ్" అంటే ఏది చెక్ చేయాలో ఆ నాలుగు మెసేజ్‌లలో ఒక్కదానిలోనూ లేదు. తేదీ ఉత్తరంలో రెండు అంకెలు, ఒక ప్రశ్న ఉన్నాయి. ఆయన బ్యాంకు సర్టిఫికెట్ తెచ్చి వడ్డీ అంకె పక్కన వేలు పెట్టి సరిచూసుకున్నారు. ఓటీపీ వచ్చింది, చదివి చెప్పారు. పది నిమిషాల్లో అయిపోయింది.

అందరి కథా ఇలా ముగియదు. అదే రోజు అలాంటి ఉత్తరమే ఇంకొకరికి కూడా వెళ్ళింది. 22 సాయంత్రం ఆరు దాటింది. జవాబు రాలేదు. ఇంకో రెండు రోజులు చూద్దామా అని అడిగాను. "చూస్తే ఇక మన తేదీకి విలువుండదు. వచ్చే ఏడాది ఉత్తరం పంపితే 22 అంటే 25 అనుకుంటారు" అన్నారు పెదనాన్న.

ఫైలు మూయడమంటే బీరువాలో పెట్టి తాళం వేయడం కాదని ఆ రోజు చూశాను. ఒరిజినల్ కాగితాలు లెక్కపెట్టి కవర్లో పెట్టాం. మేము తయారుచేసిన లెక్క కాపీ ఒకటి అందులోనే ఉంచాం, ఇంకెవరైనా వేస్తే పనికొస్తుందని. పోర్టల్ పాస్‌వర్డ్ మార్చుకోమని చీటీ రాసి పెట్టాం.

30వ తేదీ ఆయన ఫోన్ చేశారు, కాస్త వేసిపెట్టండి అని. పెదనాన్న కోప్పడలేదు, తేదీ కూడా మార్చలేదు. "కవర్లో లెక్క ఉంది కదండీ. పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఎక్కడ ఆగినా నాకు ఫోన్ చేయండి" అన్నారు. ఆ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ మళ్ళీ మోగింది. పాత విధానం టిక్కు ఎక్కడ పెట్టాలో అడుగుతున్నారాయన.

రిజిస్టర్‌లో ఆ పేరు ఎదురుగా నేను రాసిన లైను అలాగే ఉంది: "22-7-2024, సా. 6.00. జవాబు అందలేదు. ఫైలు మూసివేయబడింది. కాగితాలు 23న పంపాం." "మూసివేయబడింది" కూడా కొట్టేసి "మూసేశాం" అని మార్చారు పెదనాన్న. మూసింది మనమే కదా, మనమే అని రాయాలట.