మన పాటకు పేరు ఎవరు పెడుతున్నారు?

మన గూడేల్లో గోండిలో పాడే పిల్లలు బాగానే తయారవుతున్నారు. ఒక పాట రికార్డింగ్ కోసం పది రోజులు తిరుగుతారు. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు మాత్రం టైటిల్, ట్యాగులు, డిస్క్రిప్షన్ ఎవరో రెండు నిమిషాల్లో కొట్టేస్తారు. ఆ రెండు నిమిషాల గురించే ఈ పోస్టు.

మా చెల్లె, అంటే మా చిన్నాయన బిడ్డ, పెళ్లిలో పసుపు పెట్టేటప్పుడు ఆడవాళ్లు పాడే పాట పాడింది. నేర్పింది మా మేనత్త. రికార్డు చేసిన స్టూడియో వాళ్లు చెల్లె ఛానల్‌లో పెట్టుకొమ్మని ఈ టైటిల్ రాసిచ్చారు:

```
New Telugu Folk DJ Song 2024 Super Hit | Love Song
```

ఇది తెలుగు పాట కాదు, డీజే కాదు, లవ్ సాంగ్ అసలే కాదు. "అన్నా, ఇట్ల పెడితేనే జనం చూస్తరట" అంది చెల్లె. చూడటానికి వస్తారు, నిజమే. కానీ డీజే కోసం వచ్చినోడు డోలు, మేనత్తల గొంతులు వినగానే వెళ్లిపోతాడు. స్టూడియో యాప్‌లో రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే మొదటి సెకన్లలోనే గీత కిందికి పడిపోతుంది. వచ్చినోళ్లంతా అట్ల వెళ్లిపోతుంటే యూట్యూబ్ ఆ వీడియోను ఇంకొకరికి చూపించడం తగ్గిస్తుంది. ఇటు నిజంగా గోండి పాట కోసం వెతికేవాళ్లకేమో అది దొరకదు, ఎందుకంటే 'గోండి' అనే మాటే ఎక్కడా లేదు.

మరి వాళ్లు ఏమని వెతుకుతున్నారు? ఊహించే పని లేదు. చెల్లె పాత వీడియో అనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్ కింద 'YouTube search' నొక్కితే జనం టైప్ చేసిన మాటలే కనిపించాయి. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో, కొందరు తెలుగులో, మహారాష్ట్ర వైపు మన చుట్టాలు దేవనాగరిలో వెతికారు. పెన్‌గంగ అవతల కూడా మన భాషే కదా. గుంజాల లిపిలో పేరు పెట్టాలని నాకూ ఉంది. అది 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది కూడా. కానీ ఫాంట్ లేని ఫోన్లో ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. అందుకని దాన్ని వీడియో మొదట్లో బొమ్మగా పెట్టి, టైటిల్ ఇట్ల రాశాం:

```
పసుపు పాట | Gondi Wedding Song | गोंडी गीत | Adilabad
```

టైటిల్‌కు 100 అక్షరాల వరకు చోటుంది. ఫోన్లో చివర కట్ అయిపోతుంది కాబట్టి అసలు మాట ముందుండాలి.

ట్యాగుల డబ్బాకు 500 అక్షరాలు ఇస్తారు. వీడియో దొరకడంలో దాని పాత్ర చాలా తక్కువ, జనం స్పెల్లింగ్ తప్పు కొట్టే పేర్లకే ఎక్కువ పనికొస్తుందని యూట్యూబే చెప్తుంది. gondi, gondhi, koitur లాంటివి అక్కడ వేస్తే చాలు, హీరోల పేర్లు వద్దు. హ్యాష్‌ట్యాగులు వేరే సంగతి. అవి డిస్క్రిప్షన్‌లో రాస్తాం. రెండు మూడు చాలు, 60 దాటితే అన్నింటినీ పక్కన పెట్టేస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది డిస్క్రిప్షన్. స్టూడియో వాళ్లు అందులో 'లిరిక్స్, మ్యూజిక్' అని వాళ్ల పేరే రాసుకున్నారు. మేనత్త పేరు లేదు. ఆ పాట ఒక్కరు కట్టింది కాదు, మేనత్తకు కూడా వాళ్ల అమ్మ నేర్పింది. రేపు ఇంకో ఊరి పిల్ల అదే పాట పాడితే 'మాది కాపీ కొట్టావ్' అనడానికి ఆ ఒక్క లైను చాలు.

మేం మార్చి రాసింది ఇది. 'మరింత' నొక్కకముందే కనిపించే మొదటి రెండు లైన్లలో: ఇది గోండి పెళ్లి పాట, పసుపు పెట్టేటప్పుడు పాడతారు, మేనత్త దగ్గర నేర్చుకున్నది. దాని కింద 'సంప్రదాయ పాట, ఆదిలాబాద్ గోండులు', తర్వాత పాడినవాళ్లు, డోలు కొట్టినవాళ్లు, రికార్డింగ్ చేసినవాళ్లు, ఎవరి పని వాళ్ల పేరుతో. స్టూడియో పేరు కూడా ఉంది, రికార్డింగ్ దగ్గర. చివర్న పాట మాటలు తెలుగు లిపిలో, పక్కన అర్థం. హాస్టల్లో పెరిగి గోండి మర్చిపోతున్న మన పిల్లలకు అదే పనికొస్తుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. డిస్క్రిప్షన్‌లో పేరు రాసినంత మాత్రాన కాపీరైట్ క్లెయిమ్ ఆగదు. కంటెంట్ ఐడీ చూసేది రాతను కాదు, ఆడియోను. కాబట్టి రికార్డింగ్ ఎవరిది, ఏ ఛానల్‌లో పెడతారు అన్నది పాడకముందే కాగితం మీద రాయించుకోండి. వేరేవాళ్ల ఛానల్‌లోకి వెళ్లాక ఒక్క అక్షరం కూడా మనం మార్చలేం. మన ఛానల్‌లో ఉన్న పాత పాటలకైతే పేరు, డిస్క్రిప్షన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, లింకూ మారదు, వ్యూసూ పోవు.

పెర్సాపెన్ దగ్గర పాడే పాటలు మాత్రం పెద్దలను అడగకుండా ఏ పేరుతోనూ పెట్టొద్దు.