మాస్టర్ ఒకటి, రెజ్యూమేలు మూడు

అమెరికాలో ఎమ్మెస్ ముగించి ఓపీటీ మొదటి ఏడాదిలో ఉన్న విద్యార్థి ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం మీద 90 రోజులే. ఓపీటీ మొదలయ్యే తేదీ నుంచే ఆ లెక్క నడుస్తుంది. టెక్సస్‌లో చదువు పూర్తి చేసిన ఒక ఖమ్మం అమ్మాయి ఇప్పుడు ఆ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. అంతకుముందు హైదరాబాద్‌లో రెండేళ్లు ఐటీ ఉద్యోగం చేసింది. ఆ అనుభవానికి డేటా ఇంజినీర్, డేటా అనలిస్ట్, బీఐ డెవలపర్ అనే మూడు రకాల ఉద్యోగాలు సరిపోతాయి. మూడింటికీ ఒకే రెజ్యూమే పంపితే దేనికీ సరిగ్గా అతకదు. అందుకని మొన్న పంపిన ఫైలు తెరిచి, నాలుగు మాటలు మార్చి, వేరే పేరుతో దాచి పంపడం అలవాటు చేసుకుంది. ఇక్కడి మనవాళ్ల పిల్లల్లో చాలామంది చేసేది ఇదే.

డాలస్ దగ్గర ఉండే పెదనాన్న కొడుకు తన టీమ్ కోసం తరచూ ఇంటర్వ్యూలు చేస్తుంటాడు. ఒక ఆదివారం చెల్లెలు పంపిన రెజ్యూమేలన్నీ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చదివాడు. అందులో బయటపడినవి అక్షరదోషాల కంటే పెద్ద తప్పులు.

హైదరాబాద్ ప్రాజెక్టులో రోజూ రాత్రి 40 లక్షల రికార్డులు లోడయ్యేవి. అమెరికా లెక్కలో అది 4 మిలియన్లు. ఒక ఫైల్లో అలాగే ఉంది, మిగతా రెండింట్లో 40 మిలియన్లు అయింది. ఆ పని 6 గంటల నుంచి 2 గంటలకు తగ్గిందన్న విషయాన్ని ఒకచోట ‘300 శాతం తగ్గించాను’ అని రాసింది. ఏదైనా 100 శాతానికి మించి తగ్గదు. ఇక్కడ తగ్గింది సుమారు 67 శాతం. రిలీవింగ్ లెటర్ మీద 05/08/2022 అని ఉంది, అంటే ఆగస్టు 5. ఒక వెర్షన్‌లో అది మే నెలయింది, ఎందుకంటే అమెరికాలో నెల ముందు రాస్తారు. పైన సమ్మరీలో ఒకచోట అంతకుముందు దరఖాస్తు చేసిన కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది.

“ఇవన్నీ ఎప్పుడు వచ్చాయో నాకే తెలీదన్నయ్యా” అంది ఆమె.

తెలియకపోవడానికి కారణం ఉంది. పులిసిన పెరుగుతో తోడు పెడితే కొత్త పెరుగూ పులుస్తుంది. వెర్షన్ లోంచి వెర్షన్ తీసినప్పుడూ అంతే: మూడో ఫైల్లో దొర్లిన తప్పు నాలుగుకూ అయిదుకూ పాకుతుంది, ఎక్కడ పుట్టిందో ఆనవాలు దొరకదు. అన్నయ్య పెట్టిన మొదటి నియమం దీనికే. కొత్త రెజ్యూమే ఎప్పుడూ మాస్టర్ నుంచే పుట్టాలి, పంపేసిన దాని నుంచి కాదు.

మాస్టర్ అంటే ఎవరికీ పంపని ఫైలు. మూడు నాలుగు పేజీలున్నా ఇబ్బంది లేదు. చేసిన ప్రతి పనీ అందులో ఉండాలి, ఒకే పనిని మూడు ఉద్యోగాలకూ మూడు రకాలుగా చెప్పాల్సి వస్తే ఆ మూడు వాక్యాలూ అక్కడే ఒకదాని కింద ఒకటి ఉండాలి. ఆ అమ్మాయి లోడింగ్ పనికి ఇలాగే రాశారు. డేటా ఇంజినీర్ వాక్యం పైప్‌లైన్ గురించి, 6 గంటలు 2 గంటలైన తీరు గురించి చెబుతుంది. అనలిస్ట్ వాక్యం ఆ డేటా మీద పొద్దున్నే సేల్స్ వాళ్లు చూసుకునే రిపోర్టు గురించి చెబుతుంది. బీఐ వాక్యం డాష్‌బోర్డు గురించి. వాటి ముందు `[DE]`, `[DA]`, `[BI]` అని గుర్తులు పెట్టారు. సమ్మరీలు కూడా మూడు, వాటికీ అవే గుర్తులు. గుర్తు లేని వాక్యం అందరికీ వెళ్తుంది. శాతాలు తీసేసి అసలు అంకెలే ఉంచారు, లక్షలను ఒక్కసారి మిలియన్లలోకి మార్చి సరిచూశారు, తేదీల్లో నెలను అక్షరాల్లో రాశారు. దరఖాస్తు చేసే కంపెనీ పేరు కవర్ లెటర్‌లో తప్ప రెజ్యూమేలో ఎక్కడా రాకూడదనుకున్నారు. దాంతో ఆ తప్పు జరగడానికే చోటు లేకుండా పోయింది.

ఇక వెర్షన్ తయారు చేయడమంటే తీసేయడమే. మాస్టర్‌ను వేరే పేరుతో సేవ్ చేసి, అక్కర్లేని గుర్తులున్న వాక్యాలు తొలగించి, ఉద్యోగ ప్రకటనకు దూరంగా ఉన్నవాటిని కూడా తొలగించి ఒక పేజీకి తేవాలి. చివర్లో మిగిలిన గుర్తులు చెరిపేయాలి. `Ctrl+F` నొక్కి `[` వెతికితే ఒక్కటీ దొరకకూడదు. కొత్త మాట ఒక్కటి కూడా టైప్ చేయకూడదన్నది ఇందులో అసలు షరతు.

ఆ షరతు వల్లే తనిఖీ తేలికవుతుంది. వర్డ్‌లో `Review` కింద `Compare` అని ఉంటుంది. అసలు ఫైలుగా మాస్టర్‌నూ, మార్చిన ఫైలుగా కొత్త వెర్షన్‌నూ ఇస్తే తేడాలన్నీ రంగుల్లో కనిపిస్తాయి. తీసేసినవి కొట్టివేతలుగా, చేర్చినవి కింద గీతతో కనబడతాయి. సరిగ్గా చేసిన వెర్షన్‌లో కొట్టివేతలు తప్ప ఇంకేమీ ఉండవు. కింద గీత ఉన్న మాట ఒక్కటి కనబడినా అది చేత్తో చేరిందన్నమాట, అక్కడ ఆగి చూడాలి. పేజీ మొత్తం అక్షరం అక్షరం చదవడం కంటే ఇది త్వరగా అవుతుంది, అలసిన కళ్లను కూడా మోసం చేయదు.

మాస్టర్‌లోనే తప్పుంటే ఈ పద్ధతి దాన్ని నమ్మకంగా మూడుచోట్లకూ చేరవేస్తుంది. అందుకే మాస్టర్‌ను మాత్రం ఇంకొకరి చేత చదివించాలి, తేదీలనూ హోదాలనూ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పక్కన పెట్టుకుని చూడాలి. ఉద్యోగమిచ్చే ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పోల్చేది ఇవే. స్పెల్‌చెక్ మీద ఆధారపడలేం. పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉన్న పదాలను వర్డ్ మామూలుగా వదిలేస్తుంది, కాబట్టి హెడ్డింగుల్లో తప్పు దర్జాగా నిలబడిపోతుంది. `Options`లో `Proofing` కింద `Ignore words in UPPERCASE` దగ్గర టిక్కు తీసేస్తే పట్టుకుంటుంది. `manager` బదులు `manger` పడినా చాలాసార్లు ఊరుకుంటుంది, అదీ ఇంగ్లిషు మాటే కదా.

ప్రకటనలో అడిగిన నైపుణ్యం మాస్టర్‌లో లేకపోతే? నిజంగా చేసిన పనైతే ముందు మాస్టర్‌లో రాసి, మళ్లీ అక్కడి నుంచే వెర్షన్ తీయాలి. చేయని పనైతే రాయకూడదు. ‘అనుభవం మేం పెడతాం’ అనే కన్సల్టెన్సీలు ఇక్కడ మనవాళ్లకు తగులుతూనే ఉంటాయి, వాటి మాట వినకూడదు. ఇంకో జాగ్రత్త: ఒకే కంపెనీలో రెండు ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తే రెండు రెజ్యూమేలూ ఒకే పేరు కింద రిక్రూటర్‌కు కనబడవచ్చు. వాటిలో పనులు వేరుగా ఉండొచ్చు, తేదీలూ అంకెలూ హోదాలూ వేరుగా ఉండటానికి వీల్లేదు.

మాస్టర్‌లో ఏ తప్పు దిద్దినా ఇంకా పంపని పాత వెర్షన్లు తీసేసి, మళ్లీ తయారు చేసుకోండి. పంపినవాటిని మాత్రం చెరపకుండా, ముట్టుకోకుండా, ఆ ఉద్యోగ ప్రకటన కాపీతో కలిపి ఒక ఫోల్డర్‌లో దాచండి. ఇంటర్వ్యూకి పిలుపొచ్చేసరికి వెబ్‌సైట్‌లో ఆ ప్రకటన తీసేసి ఉండవచ్చు, అవతలివాళ్ల ముందున్నది మీరు పంపిన మూడింట్లో ఏదో మీకు ఆ ఫోల్డరే చెబుతుంది.