టికెట్టు భోజనానికి, విరాళం బడికి

ధనుర్మాసం వచ్చిందంటే శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు తీరిక దొరుకుతుంది. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా పెళ్లి ముహూర్తాలు ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, లండన్ నుంచి మనవాళ్లు సెలవులకు దిగుతారు. 2008లో విమానాశ్రయం ఇక్కడికి వచ్చాక ఈ బెంగళూరు రోడ్డు మా అందరికీ ఇంటి గుమ్మం లాంటిదైంది. అందుకే డల్లాస్‌లో ఉంటున్న మా మిత్రులం, ఊళ్లోనే ఉన్న పాత విద్యార్థులం కలిసి మేం చదివిన ప్రభుత్వ హైస్కూలు కోసం విందు పెట్టేటప్పుడు ఈ రోజుల్నే, ఈ చోటునే ఎంచుకుంటాం. హాలు అద్దె దగ్గర బేరం కుదురుతుంది. అటు షాద్‌నగర్ వైపువాళ్లకూ ఇటు నగరంవాళ్లకూ దారి కలుస్తుంది.

హాలు దొరకడం కష్టం కాదు. టికెట్టు ఎంత పెట్టాలన్న దగ్గరే వాదన మొదలవుతుంది. ధర ఎక్కువ పెడితే బడికి ఎక్కువ పోతుందని ఒకరంటారు. తక్కువ పెడితే ఎక్కువమంది వస్తారని ఇంకొకరంటారు. నేను నమ్మేది ఒకటే. టికెట్టు డబ్బుతో ఆ రాత్రి ఖర్చు తీరాలి, బడికి వెళ్లేది విరాళం కావాలి. ఈ రెండూ ఒకే అంకెలో కలిపేస్తే భోజనానికి ఎంత పోయిందో, బడికి ఎంత చేరిందో ఎవరికీ తెలియదు.

ఒక లెక్క వేసి చూద్దాం. హాలు, జనరేటర్ డీజిల్, శుభ్రం చేయించడం కలిపి లక్ష రూపాయలు. మైకు, వేదిక, అలంకరణ, ఫోటోలకు యాభై వేలు. ఈ 1,50,000 వందమంది వచ్చినా మూడొందల మంది వచ్చినా కట్టాల్సిందే. దీనిమీద ప్లేటు ఖర్చు, జీఎస్టీతో కలిపి 650 అనుకుందాం. మనిషి పెరిగితే ఇది పెరుగుతుంది. అంటే ఏ టికెట్టు చూసినా అందులోంచి ముందు ప్లేటు ఖర్చు తీసేయాలి. మిగిలింది హాలు ఖర్చులోకి జమ. ఆ జమలన్నీ కలిసి లక్షన్నర దాటిన రోజున విందు గట్టెక్కినట్టు.

కేటరింగ్ ఆయనతో మాట్లాడితే ఇంకో సంగతి తెలుస్తుంది. మాకు వండే పెద్దాయన మొదటే తేల్చి చెప్పేస్తాడు: "సార్, ఎంతమంది వస్తరో నాకొద్దు. ఎన్ని ప్లేట్లకు పైసలు కడ్తరో అది చెప్పుండ్రి." దాన్నే గ్యారంటీ ప్లేట్లు అంటారు. వారం ముందు ఆ అంకె ఖాయం చేయాలి. 240 అని ఒప్పుకుంటే రెండొందల మందే వచ్చినా 240కి కట్టాలి. వడ్డన మొదలయ్యే ముందు ప్లేట్లను కట్టలుగా లెక్కపెట్టి ఇద్దరం ఒక కాగితం మీద రాసుకుంటాం. రాత్రి మిగిలినవి మళ్లీ లెక్కపెడతాం. గ్యారంటీ దాటితే దాటినన్నింటికి అదనంగా కట్టాలి.

ఎర్లీ బర్డ్ రేటుకు అసలు పని ఇక్కడే ఉంది. జనాన్ని ఆకర్షించడానికే అది అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మనం సమాచారానికి కట్టే ధర. వాట్సాప్‌లో "తప్పకుండా వస్తం అన్నా" అన్నవాళ్లను నమ్మి ప్లేట్లు చెప్పలేం. డబ్బు కట్టినవాళ్లను లెక్కపెట్టే చెప్పగలం. నెల ముందే కట్టినవాడు మన చేతికి ఒక ఖాయమైన అంకె ఇస్తున్నాడు, కాబట్టి అతనికి తగ్గించి ఇవ్వడం న్యాయం. మామూలు టికెట్టు 1,500 అయితే ముందు కట్టినవారికి 1,200. మామూలు టికెట్టులో ప్లేటు పోను 850 మిగులుతుంది, ముందు టికెట్టులో 550.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ విందు నష్టపోయేది దీనివల్లే. చాలామంది ఎర్లీ బర్డ్‌కు తేదీ ఒక్కటే పెడతారు. ఆఖరి రోజు గుంపులో గుర్తుచేయగానే అందరూ ఆ ధరకే కొనేస్తారు. అందుకని తేదీతో పాటు సంఖ్య కూడా పెట్టాలి. మొదటి 110 టికెట్లు లేదా డిసెంబరు మొదటి తారీఖు, ఏది ముందైతే అది. రెండు రోజుల్లోనే అవి అయిపోతే సంతోషించాలి, ఇంకో ఇరవై పెంచమని ఎంత బతిమాలినా పెంచకూడదు. ఒకసారి పెంచామంటే వచ్చే ఏడాది మనం చెప్పే గడువును ఎవరూ పట్టించుకోరు.

ఫ్యామిలీ టికెట్టు ధర ఇంకా జాగ్రత్తగా పెట్టాలి. మనవాళ్లు విడిగా రారు, పిల్లాపాపలతో వస్తారు. ధర మనిషికి ఇంత అని లెక్కగట్టి నలుగురికీ వేస్తే భార్యాపిల్లల్ని ఇంట్లో వదిలి భర్త ఒక్కడే వస్తాడు. దానివల్ల విందు వెలవెలబోవడమే కాదు, ఆ బడి మీద మన పిల్లలకు అభిమానం పుట్టే అవకాశం కూడా పోతుంది. అందుకని ఇద్దరు పెద్దలకు, పదేళ్లలోపు ఇద్దరు పిల్లలకు కలిపి 3,600 పెడదాం. కేటరింగ్ ఆయన ఐదేళ్లలోపు పిల్లల్ని లెక్కలో వేయడు, ఐదు నుంచి పదేళ్లవాళ్లకు అర ప్లేటు వేస్తాడు. పిల్లలిద్దరికీ అర ప్లేటే వేసుకున్నా మొత్తం మూడు ప్లేట్లు, 1,950 ఖర్చు. 1,650 మిగులుతుంది. వడ్డన ముందే ఈ పిల్లల ప్లేట్ల లెక్క ఆయనతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకపోతే రాత్రి పదకొండింటికి గుమ్మం దగ్గర వాదన తప్పదు.

ఇక టికెట్టు మీద కుటుంబం అంటే ఎవరో స్పష్టంగా రాయాలి. రాయకపోతే నలుగురు స్నేహితులు కలిసి ఆ టికెట్టే కొంటారు. నాలుగు నిండు ప్లేట్లకు 2,600 పోతుంది, మిగిలేది వెయ్యి. ఒక్కో టికెట్టు మీద 650 పోయినట్టు. అయితే మన ఇళ్లలో కుటుంబమంటే నలుగురే కాదు, అవ్వాతాతలు ఉంటారు. అమెరికా నుంచి కొడుకు వచ్చిన వారంలో వాళ్లను ఇంట్లో వదిలి రమ్మనడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఫ్యామిలీ టికెట్టుకు ఒక పెద్ద మనిషిని కలుపుకోవడానికి 900 అని పెడితే ప్లేటు పోను 250 మిగులుతుంది. ఆ 250 కోసం కాదు, ఆ పెద్దల కోసం ఆ వెసులుబాటు ఉండాలి.

ఇప్పుడు మొత్తం కూడదాం. ముందు టికెట్లు 110 అమ్మితే మిగిలేది 60,500. మామూలు టికెట్లు 60కి 51,000. ఫ్యామిలీ టికెట్లు 25కి 41,250. అంతా కలిపి 1,52,750. హాలు ఖర్చు లక్షన్నర పోను 2,750 మిగిలింది. ప్లేట్లు 245 అయ్యాయి, గ్యారంటీ 240 దాటింది. అదే ముందు టికెట్లకు సంఖ్య పెట్టకుండా ఆ 170 మందికీ 1,200కే అమ్మి ఉంటే జమ 1,34,750 దగ్గర ఆగిపోయేది. 15,250 లోటు. ఆ లోటు తీర్చడానికి అప్పుడు బడికి వచ్చిన విరాళంలో చెయ్యి పెట్టాల్సి వస్తుంది. నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఇదే.

ఇంత కష్టపడితే మిగిలింది 2,750 ఏనా అని కమిటీలో కొత్తవాళ్లు అడుగుతారు. అవును, టికెట్టు వైపు నుంచి అంతే. బడికి డబ్బు వచ్చేది టికెట్టు పక్కన పెట్టే విరాళం గడి నుంచి. అక్కడ 500, 2,000, 5,000 అని మూడు మొత్తాలు, సొంతంగా రాసుకోవడానికి ఒక ఖాళీ గడి చాలు. అరవై మంది రెండేసి వేలు వేస్తే 1,20,000. అందులో ఒక్క రూపాయి కూడా బిర్యానీకో మైకుకో పోదు. ఏ మొత్తం దేనికి వాడతామో పక్కన ఒక్క ముక్క రాస్తే చాలు: సైన్స్ ల్యాబ్ సామాను, లైబ్రరీ అల్మరాలు.

ఆ గడి ముందే టిక్ పెట్టి ఉండకూడదు. వినియోగదారుడి అనుమతి లేకుండా బిల్లులో విరాళం చేర్చడాన్ని మన దేశంలో 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుబట్టాయి. చట్టం మాట అటుంచినా, తెలియకుండా ఐదొందలు పోయిన మనిషి మళ్లీ మన గడప తొక్కడు.

టికెట్టునూ విరాళాన్నీ విడిగా ఉంచడానికి పన్ను కూడా ఒక కారణం. మనం 80జీ అని పిలుచుకునే రాయితీ విరాళానికే వర్తిస్తుంది. భోజనం తిన్నందుకు కట్టిన టికెట్టుకు అది రాదు. నగదు అయితే 2,000 దాటిన విరాళానికి రాయితీ లేదు, కాబట్టి విరాళాలు యూపీఐలోనో బ్యాంకులోనో తీసుకోవాలి. అమెరికాలోనూ ఇదే ధర్మం. విందుతో కలిపి 75 డాలర్లు దాటి తీసుకునే సంస్థ, అందులో భోజనం విలువ ఎంతో రాసివ్వాలి. ఆ విలువకు మించిన దానికే మినహాయింపు. అయితే ఇక్కడ బడి కోసం నడిపే ట్రస్టుకు నేరుగా ఇచ్చిన విరాళానికి అక్కడ మినహాయింపు ఉండదు, అక్కడ నమోదైన సంస్థ ద్వారా ఇవ్వాలి.

ప్రవాసులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది పాస్‌పోర్టు రంగు. ఎఫ్‌సీఆర్ఏ ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవాడు విదేశంలో సంపాదించి, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చినవాడు ఇస్తే, రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళమే. ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండి, ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్ ఎస్‌బీఐ శాఖలోని ప్రత్యేక ఖాతాలో జమ అయితేనే అది తీసుకోవచ్చు. అందుకే విరాళం గడి ముందు "మీది ఏ దేశ పౌరసత్వం?" అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి. హాల్లో గల్లా పెట్టె పెడితే ఈ తేడా తెలియదు. అభిమానంతో డబ్బాలో వేసిన ఐదు వేలు బడి కోసం ట్రస్టు నడిపే పెద్దల మెడకు చుట్టుకోవచ్చు.

ఎవరైనా "హాలు ఖర్చు నేను పెట్టుకుంటా" అని ముందుకొస్తే టికెట్టు ధర తగ్గించకూడదని నా అభిప్రాయం. అప్పుడు టికెట్లలో మిగిలిన 1,52,750 బడికి పోతుంది. అయితే అది టికెట్లు అమ్మడం మొదలవక ముందే అందరికీ చెప్పాలి.

విందయ్యాక వారంలోగా కట్టినవారందరికీ రెండు కాగితాలు పంపాలి. మొదటిదాంట్లో టికెట్ల జమ, హాలు, ప్లేట్ల ఖర్చు, మిగిలింది. రెండోదాంట్లో విరాళాలు, వాటితో కొన్న వస్తువులు, బిల్లులు. వచ్చే డిసెంబరుకు టికెట్టు రెండు వేలు చేద్దాం, బడికి ఇంకా పోతుంది అనే మిత్రులతో నేను వాదించేది ఈ రెండో కాగితం చూపించే. టికెట్టు పెంచితే ఊళ్లో ఉద్యోగం చేసుకునే మన బెంచీవాడు కుటుంబంతో రావడం మానేస్తాడు, డల్లాస్‌వాడు ఎలాగూ వస్తాడు. ఎక్కువ ఇవ్వగలిగినవాడికి విరాళం గడిలో ఎంతైనా రాసుకునే చోటు ఉంది. ఆ చోటు లేనిదల్లా తక్కువ సంపాదించేవాడికే, కాబట్టి టికెట్టు ధర అతన్ని చూసి పెట్టాలి.