మూత లేని బుట్ట

మాది ఉంగుటూరు. ఎరుకల వాళ్లం. మా నాయనమ్మ ఈతబరికెలతో బుట్టలు అల్లేది. డిగ్రీ చదివే రోజుల్లో నేను రోజూ బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లేదాన్ని. ఇన్‌స్టాగ్రామ్‌లో నా అసలు పేరుతో ఒక అకౌంట్ ఉండేది. అందులో బంధువులు, లెక్చరర్లు, ఊళ్లో పెద్దవాళ్లు అందరూ ఉండేవాళ్లు. పండక్కి కొత్త బట్టల ఫొటో తప్ప ఇంకేమీ పెట్టలేకపోయేదాన్ని. నవ్వుకోవడానికి, ఏడుపొస్తే చెప్పుకోవడానికి తొమ్మిది మంది స్నేహితుల కోసం రెండో అకౌంట్ తెరిచాను. ప్రైవేట్ అని నొక్కి, ఇక తాళం పడిందనుకున్నాను.

దానికి నేను పెట్టిన పేరు ungutur_yerukala_pilla_2003. మావాళ్లు చూసి నవ్వారు, నాకూ ధైర్యంగానే అనిపించింది. నెల తిరక్కముందే ఎవరో తెలియనివాడు ఫాలో రిక్వెస్ట్ పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. వాడు మెసేజ్ పంపాడు: "మీ ఇంట్లో పందులెన్ని?" నేను పెట్టిన పోస్టు ఒక్కటి కూడా వాడికి కనబడలేదు. మరి ఎలా తెలిసింది?

పేరే చెప్పింది. ప్రైవేట్ అకౌంట్‌లో తాళం పడేది ఫొటోలకు, వీడియోలకు, స్టోరీలకు. పేరు, చిన్న గుండ్రటి ఫొటో, దాని కింద మనం రాసుకునే రెండు ముక్కలు మాత్రం వీధి గుమ్మంలా అందరికీ కనబడతాయి. నేను ఆ గుమ్మం మీద ఊరు, తెగ, ఆడపిల్లనన్న సంగతి, పుట్టిన సంవత్సరం వరుసగా రాసి పెట్టాను.

ఇంట్లో చెబితే నాయనమ్మ తిట్టలేదు. పాతకాలం సంగతి చెప్పింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద మన వాళ్ల పేర్లు రిజిస్టర్లోకి ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, పిలిస్తే పలకాలన్నారు. ఆ చట్టం 1952లో పోయింది. "వాళ్లు రాసుకుంటే మనం ఏం చెయ్యగలిగాం? ఇది నువ్వే రాసిచ్చావు కదే అమ్మడూ," అంది. తెగ పేరు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నా అసలు అకౌంట్‌లో ఇప్పటికీ ఉంది. అక్కడ నేను ఆలోచించి మాట్లాడతాను, జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉంటాను. రెండోది ఒళ్లు వదులుగా కూర్చునే చోటు. అక్కడ ఆ పని పెట్టుకోకూడదు.

కొత్త పేరు కోసం మేం బస్సులో కూర్చుని వెతికాం. ఒకమ్మాయి బూతు కలిసిన పేరు చెప్పింది. ఒకసారి నవ్వొస్తుంది, కానీ రేపు ఎవరైనా ఆ పేరు చూపించి ఇది నీదేనా అంటే? ఇంకో అమ్మాయి నా అసలు అకౌంట్ పేరుకే చివర private చేర్చమంది. అప్పుడు ఒకటి తెలిసినవాడికి రెండోది వెతుక్కునే పనే ఉండదు. చివరికి ఒకమ్మాయి, "ఒసేయ్, నీ నోట్లో మాట ఆగదు, మూత లేని బుట్టవి," అంది. మేమంతా పడీ పడీ నవ్వాం. moothaleni_butta అని పెట్టాను. యూజర్ నేమ్‌లో తెలుగు అక్షరాలు పట్టవు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత మాత్రమే పడతాయి.

ఆ పేరుకు మూడు పరీక్షలు పెట్టాం. ప్రిన్సిపాల్ ముందు ఎవరైనా గట్టిగా చదివితే తల దించుకోవాలా? అక్కర్లేదు. తెలియనివాడు దాన్ని పట్టుకుని మా వీధికి రాగలడా? రాలేడు. ఆ తొమ్మిది మందీ చూడగానే నేనే అని గుర్తుపడతారా? పడతారు. పేరు మార్చినా వాళ్లు అందులోనే ఉంటారు, మళ్లీ పిలవక్కర్లేదు. గుండ్రటి ఫొటోలో నా ముఖం తీసేసి నాయనమ్మ అల్లిన బుట్ట పెట్టాను.

పేరొక్కటే సరిపోదని తర్వాత తెలిసింది. ఆ అకౌంట్ నేను నా ఫోన్ నంబరుతోనే తెరిచాను. నా నంబరు దాచుకున్న ఒక లెక్చరర్‌కు, "మీకు తెలిసినవారేమో" అని అది కనబడింది. అందుకని నంబరు తీసేసి వేరే మెయిల్ పెట్టాను, నా కాంటాక్టులు చూసే అనుమతి ఆపేశాను. ఆ అకౌంట్ నుంచి బయటివాళ్ల పోస్టుల కింద కామెంట్ పెట్టడం మానేశాను. పెడితే ఆ పేరు అక్కడ అందరికీ కనబడుతుంది.

ఇంకొకటి మాత్రం ఏ పేరూ ఆపలేదు. లోపలున్న తొమ్మిది మందిలో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తే అంతే. అందుకే ఒకరి ఏడుపు, ఒకరి ఇంటి గొడవ అక్కడ కూడా పెట్టను. ఒకమ్మాయితో మాటలు తగ్గాక ఆమెను జాబితాలోంచి తీసేశాను. తీసేసినట్టు కబురేమీ వెళ్లదు.

ఇది రాయాలనుకున్నప్పుడే ఆ బుట్ట పేరు కూడా మార్చేశాను. ఇప్పటి పేరు ఇక్కడ రాయను. అది ఎనిమిది మందికి తెలుసు.